పొలుసు మెత్తబడ్డాకే మందు

తలలో వెండిరంగు పొలుసులు మందంగా పేరుకుని, నుదుటి అంచు దాటి చెవుల వెనక్కి కూడా పాకితే అది మామూలు చుండ్రు కాకపోవచ్చు. సోరియాసిస్‌లో చర్మకణాలు నెల రోజులకు బదులు కొద్ది రోజుల్లోనే పైకొచ్చి అట్టకడతాయి. అంటువ్యాధి కాదు, దువ్వెన పంచుకుంటే రాదు.

చాలామందికి లోషన్ పనిచేయకపోవడానికి కారణం ఆ అట్టే. పైన రాసింది పైనే ఉండిపోతుంది, చర్మానికి అందదు. అందుకే డాక్టర్లు ముందు సాలిసిలిక్ ఆసిడ్ కలిసిన ఆయింట్‌మెంటో, కొబ్బరినూనో పట్టించమంటారు. జుట్టు పాయలుగా తీసి, మాడుకే రాయాలి. కొన్ని గంటలు, లేదా రాత్రంతా టోపీ కట్టి ఉంచాలి. ఆ తర్వాత దువ్వెనను మాడుకు దాదాపు సమాంతరంగా పట్టుకుని, వదులైన పొలుసునే లేపాలి. అంటుకున్నది మర్నాటికి వదిలేయండి. గోళ్లతో గీకితే రక్తం వస్తుంది, గాయమైనచోట కొత్త మచ్చ లేస్తుంది, జుట్టూ ఊడుతుంది. మంట తగ్గాక అది మామూలుగా తిరిగి వస్తుంది. తారు షాంపూ అయితే వెంటనే కడిగేయకుండా అయిదు నుంచి పది నిమిషాలు ఉంచాలి.

అట్ట పలచబడ్డాక క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్ లోషన్, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గింది కదా అని నెలల తరబడి సొంతంగా వాడితే చర్మం పలచబడుతుంది. కాల్సిపోట్రయాల్ కూడా ఇస్తారు, కానీ సాలిసిలిక్ ఆసిడ్‌తో కలిపి రాస్తే అది నిర్వీర్యమవుతుంది. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు! వీటికి లొంగకపోతే మెథోట్రెక్సేట్, బయలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.