షరతుల వీలునామా: కోర్టులో నిలబడేదెంత?

ఒక తండ్రి తన స్వార్జితమైన ఇంటిని కూతురి పేర రాయాలనుకున్నాడనుకుందాం. 'నా కూతురు డిగ్రీ పూర్తిచేసి, ఇద్దరన్నల, మేనమామ అంగీకారంతో పెళ్లి చేసుకుంటే ఈ ఇల్లు ఆమెకు చెందుతుంది' అని వీలునామాలో రాశాడు. ఇది చెల్లుతుందా? చెల్లుతుంది. సొంత ఆస్తిని ఎవరికిస్తాడో, ఏ షరతు మీద ఇస్తాడో నిర్ణయించుకునే హక్కు అతనికుంది. హిందువుల, క్రైస్తవుల వీలునామాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం 124 నుంచి 137 వరకు సెక్షన్లలో షరతుల సంగతే మాట్లాడుతుంది. ముస్లింల వీలునామాలను వారి మత న్యాయం నడిపిస్తుంది.

షరతు చెల్లకపోతే ఏం జరుగుతుందన్నదే అసలు చిక్కు. చెల్లని షరతును కోర్టు కొట్టేస్తుందనీ, ఆస్తి మాత్రం తనకొచ్చేస్తుందనీ చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. గంటలో వంద మైళ్లు నడిస్తేనే భూమి ఇస్తానని రాస్తే ఆ షరతు అసాధ్యం కనుక దానంతో సహా మొత్తం రద్దవుతుందని 126వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆ భూమి అతనికి రాదు. అదే షరతును తిప్పి రాస్తే? 'భూమిని బతికినంతకాలం ఇతనే అనుభవించాలి, ఫలానా రోజున గంటలో వంద మైళ్లు నడవకపోతే ఇంకొకరికి పోవాలి' అంటే భూమి మొదటివాడి దగ్గరే ఉంటుంది, షరతు అసలు లేనట్టే. ఈ రెండు ఉదాహరణలూ చట్టంలోనే ఉన్నాయి. 'భర్తను వదిలేస్తేనే డబ్బు' అని మేనకోడలికి పెట్టిన షరతుకూ ఇదే లెక్క. హక్కు రావడానికి ముందు షరతుగా పెడితే ఆ అమ్మాయికి ఏమీ రాదు. వచ్చిన హక్కు పోవడానికి షరతుగా పెడితే భర్తతోనే ఉంటుంది, ఆస్తినీ అనుభవిస్తుంది. అన్యాయమైన షరతు రాసిన పెద్దాయన తప్పుకు ఆ మేనకోడలు నష్టపోవడం నాకు కష్టంగానే తోస్తుంది. కానీ చట్టం రాత అలా ఉంది.

మన ఉదాహరణలోని కూతురి సంగతికొద్దాం. ఆమె డిగ్రీ అయింది. పెద్దన్న పెళ్లికి ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. చిన్నన్న నోరు విప్పి ఏమీ అనలేదు కానీ పెళ్లికొచ్చాడు. మేనమామకు ముందే చెప్పింది, ఆయన అభ్యంతరం పెట్టలేదు. అందరూ కాగితం మీద సంతకం పెట్టలేదు కదా అని ఎవరైనా కోర్టుకెళ్తే నెగ్గడం కష్టం. హక్కు రావడానికి పెట్టిన షరతు దాని సారం మేరకు నెరవేరితే చాలునని 128వ సెక్షన్ అంటుంది. అంగీకారం ఇవ్వాల్సిన మేనమామ పెళ్లికి ముందే చనిపోతే మిగిలిన ఇద్దరి అంగీకారం సరిపోతుంది. ఆయన బతికుండగా ఆయనను వదిలేసి అన్నల మాట మీదే పెళ్లి చేసుకుంటే మాత్రం షరతు తప్పినట్టే. పెళ్లయ్యాక తెచ్చుకున్న అంగీకారానికీ విలువ లేదు. ముగ్గురూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న సంబంధాన్ని తర్వాత ఊరికే కాదంటే, ఆ మాట మార్పు ఆమెకు అడ్డు కాదు.

తండ్రి ఆ ఇంటిని ముందే కూతురికిచ్చి, 'ఈ ముగ్గురి అంగీకారం లేకుండా పెళ్లి చేసుకుంటే తమ్ముడి కొడుక్కి పోవాలి' అని రాసి ఉంటే లెక్క మారిపోతుంది. ఉన్న ఆస్తిని ఒకరి చేతి నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వాలంటే షరతు అక్షరాలా జరిగితీరాలి. మేనమామ చనిపోయాక ఆమె మిగిలిన ఇద్దరికీ చెప్పకుండా పెళ్లి చేసుకున్నా, ముగ్గురి అంగీకారం అన్నది ఇక సాధ్యం కాదు కాబట్టి ఆ కుర్రాడికి ఇల్లు వెళ్లదు.

చదువు షరతు దగ్గర ఎక్కువగా చెడేది గడువు. 'డిగ్రీ పూర్తిచేస్తే' అని రాసి ఎప్పటిలోగానో చెప్పకపోతే, 124వ సెక్షన్ ప్రకారం ఆస్తి పంచాల్సిన సమయం వచ్చేలోగా అది జరగాలి. వీలునామా అమలు చేసే వ్యక్తి మరణం తర్వాత ఏడాదిలోపు పంచితీరాలని లేదు కానీ, ఇంటర్ చదివే అమ్మాయికి ఏడాది ఏ మూలకు? 25 ఏళ్లు నిండేలోగా అని రాస్తే ఆ చిక్కు ఉండదు. రాసిన గడువును కోర్టులు పాటిస్తాయి. ఎవరైనా మోసంతో ఆమెను అడ్డుకుంటే, ఆ మోసం వల్ల పోయిన కాలం వరకు అదనపు గడువు దొరుకుతుంది. పరీక్ష తప్పడం మోసం కాదు.

షరతు నెరవేరకపోతే ఇల్లు ఎవరికి పోవాలో కూడా అదే కాగితంలో ఉండాలి. అది లేకపోతే, మిగిలిన ఆస్తి ఫలానావారికని వీలునామాలో రాసి ఉంటే వారికి వెళ్తుంది. అదీ లేకపోతే ఆ ఇంటి మేరకు వీలునామా లేనట్టే. హిందూ కుటుంబమైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఉంటే ఆమె, సమానంగా పంచుకుంటారు. డిగ్రీ తప్పిన ఆ కూతురికీ అందులో వాటా ఉంటుంది.