హాస్టలు నుంచి వచ్చిన కబురు

హాస్టల్లో ఒక పిల్లకు ఆటలమ్మ పోస్తే వార్డెన్ రెండు కాగితాలు రాయాలి. ఒకటి నోటీసు. దాన్ని హాస్టలు బోర్డుకు అంటిస్తారు. రెండోది ఆ పిల్ల తల్లిదండ్రులకు పంపే కబురు. అది చీటీగా రావచ్చు, ఫోనులోనూ రావచ్చు. రెండూ ఒకే జబ్బు గురించే. కానీ రెండింటిలో ఒకే మాటలు ఉండవు. ఎందుకో తెలుసుకుందాం.

ముందు జబ్బు సంగతి చూద్దాం. ఆటలమ్మ కంటికి కనిపించని ఒక క్రిమి వల్ల వస్తుంది. జబ్బు మనిషి దగ్గినా తుమ్మినా గాలిలో పాకుతుంది. పొక్కుల నీరు తగిలినా అంటుతుంది. మొదట జ్వరం వస్తుంది. తర్వాత ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. అవి నీటి పొక్కులవుతాయి. ఆ పొక్కులు ఎండి పెచ్చులు కడతాయి. మచ్చలు, పొక్కులు, పెచ్చులు మూడూ ఒకేసారి ఒంటి మీద కనిపిస్తాయి. ఇదే ఆటలమ్మ గుర్తు.

పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ జబ్బు ఇతరులకు అంటుతుంది. చివరి పొక్కు పెచ్చు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. అందుకే పిల్లను వేరే గదిలో ఉంచుతారు. అది శిక్ష కాదు, వెలి కాదు.

లలిత అనే పిల్ల ఎనిమిదో తరగతి చదువుతోంది అనుకుందాం. ఆగస్టు 5న పొద్దున ఆమె ఒంటి మీద పొక్కులు కనిపించాయి. వార్డెన్ బోర్డుకు ఇలా నోటీసు పెట్టారు.

"మన హాస్టల్లో ఒకరికి ఆటలమ్మ వచ్చింది. ఆమెను వేరే గదిలో ఉంచాము. ఆ గదిలోకి ఎవరూ వెళ్లరాదు. గ్లాసులు, కంచాలు, తువ్వాళ్లు, దుప్పట్లు ఒకరివి ఒకరు వాడరాదు. జ్వరం గానీ, ఒంటి మీద మచ్చలు గానీ కనిపిస్తే వెంటనే వార్డెనుకు చెప్పాలి. ఆగస్టు 26 దాకా అందరూ గమనించుకోవాలి."

ఇందులో లలిత పేరు లేదు. పేరు రాస్తే తోటి పిల్లలు వేలు పెట్టి చూపుతారు. అది చూసి రేపు ఇంకో పిల్ల తన పొక్కులు దాచుకుంటుంది. దాచితే జబ్బు పది మందికి పాకుతుంది. అందుకే మంచి నోటీసులో జబ్బు పేరు ఉంటుంది, పిల్ల పేరు ఉండదు.

ఆగస్టు 26 ఎలా వచ్చింది? ఆటలమ్మ అంటిన రోజే బయటపడదు. 10 రోజుల నుంచి 21 రోజుల లోపల బయటపడుతుంది. లలితను 5వ తేదీన వేరు చేశారు. ఆ రోజే ఎవరికైనా అంటి ఉంటే 21 రోజులు లెక్కపెట్టాలి. 5కు 21 కలిపితే 26. రెండు రోజుల ముందే, అంటే 3వ తేదీనే అంటిన పిల్లకు 13వ తేదీ నుంచి పొక్కులు రావచ్చు. ఈలోపు లలితకు నయమవుతుంది. గండం గడిచిందని అందరూ అనుకుంటారు. అప్పుడే ఇంకో ఇద్దరు ముగ్గురికి రావచ్చు. మళ్లీ ఒకరికి వస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది. నోటీసు మీద తేదీ మార్చాలి.

ఇక తల్లి ఈరమ్మకు వచ్చిన కబురు చూద్దాం.

"ఈరమ్మ గారికి, మీ అమ్మాయి లలితకు ఆగస్టు 5న ఆటలమ్మ వచ్చింది. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు చూశారు. మందులు ఇచ్చారు. అమ్మాయిని హాస్టల్లోనే వేరే గదిలో ఉంచాము. ఇంతకు ముందు ఆటలమ్మ వచ్చిపోయిన ఆయమ్మ చూసుకుంటోంది. జ్వరం ఉంది. అన్నం, మజ్జిగ తీసుకుంటోంది. రోజూ సాయంత్రం 6 గంటలకు ఫోను చేస్తాము. మీరు రావాలనుకుంటే ముందు చెప్పండి. ఇంట్లో గర్భిణీలు, పసిపిల్లలు ఉన్నారా తెలియజేయండి."

ఇలాంటి కబురు చదివేటప్పుడు నాలుగు విషయాలు వెతకాలి. జబ్బు పేరు ఏమిటి? ఏ రోజు మొదలైంది? డాక్టరు చూశారా? పిల్లను ఎవరు చూసుకుంటున్నారు? "మీ అమ్మాయికి ఒంట్లో బాగా లేదు, వచ్చి తీసుకుపోండి" అని మాత్రమే ఉంటే అది చాలదు. ఫోను చేసి ఈ నాలుగూ అడగాలి. అడిగే హక్కు తల్లికి ఉంది. పెద్దపిల్లలకు ఈ జబ్బు చిన్నపిల్లల కంటే గట్టిగా రావచ్చు. డాక్టరు మందు అవసరం అనుకుంటే పొక్కులు లేచిన మొదటి రోజే మొదలుపెడితే బాగా పని చేస్తుంది. అందుకే డాక్టరు ఏ రోజు చూశారన్నది ముఖ్యం.

గర్భిణీల సంగతి ఎందుకు అడిగారు? ఈరమ్మ కోడలికి ఆరో నెల అనుకుందాం. ఆ కోడలికి ఇదివరకు ఆటలమ్మ రాలేదు. ఇప్పుడు వస్తే ఆమెకు ఊపిరితిత్తుల దాకా పాకవచ్చు. కడుపులోని బిడ్డకూ ముప్పు రావచ్చు. లలితను బస్సులో ఇంటికి తెస్తే దారి పొడుగునా జబ్బు పంచినట్టే. కాబట్టి లలిత హాస్టల్లోనే ఉండడం మేలు. చూడడానికి వెళ్లేది ఇదివరకే ఆటలమ్మ వచ్చిపోయినవారు కావాలి. హాస్టల్లో వేరే గది లేకపోతే ఇంటికి తేక తప్పదు. అప్పుడు బస్సు కాకుండా వేరే బండిలో తేవాలి. కోడలిని కొన్నాళ్లు వేరే ఇంట ఉంచాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. "నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది" అని చాలామంది అంటారు. తట్టును కూడా అమ్మవారు అనే అంటారు. తట్టులో నీటి పొక్కులు ఉండవు. ఎర్రటి దద్దురు, దగ్గు, కళ్లు ఎర్రబడడం ఉంటాయి. తట్టు వచ్చిపోయినా ఆటలమ్మ రావచ్చు. అందుకే "నీటి పొక్కులు వచ్చాయా, పెచ్చులు రాలాయా?" అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

వేపాకు కట్టుకోవడం ఇంటివారి నమ్మకం. దానివల్ల నష్టం లేదు. కానీ మందు మానకూడదు. స్నానం మానకూడదు. గోరువెచ్చని నీళ్లు పోసి, తుడవకుండా మెత్తని బట్టతో అద్దాలి. గోళ్లు కత్తిరించాలి. గోకితే పొక్కులు చీము పడతాయి. జ్వరానికి పారాసిటమాల్ డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి. ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకూడదు. ఆటలమ్మలో అది పిల్లల కాలేయానికి, మెదడుకు ప్రమాదం తేగలదు.

సాయంత్రం ఫోను వచ్చినప్పుడు ఈరమ్మ వీటిని అడగాలి. ఊపిరి ఆయాసంగా ఉందా? మాట తడబడుతోందా, మగతగా పడి ఉందా? మెడ బిగుసుకుందా? మాటిమాటికీ వాంతి అవుతోందా? పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉందా? జ్వరం నాలుగు రోజులు దాటిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరుకు మళ్లీ చూపించాలి. ఆయాసం, మగత ఉంటే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

లలిత మళ్లీ తరగతికి ఎప్పుడు వెళ్లాలి? మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. కానీ రోజులు లెక్కపెడితే సరిపోదు. ఒళ్లు చూడాలి. కొత్త పొక్కు లేవకూడదు. ఉన్న పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టాలి. ఒక్క నీటి పొక్కు మిగిలినా ఇంకా ఆగాలి. పెచ్చులన్నీ రాలేదాకా ఆగనక్కర లేదు. 12వ తేదీకి లలిత పొక్కులన్నీ ఎండాయి. అప్పుడు వార్డెన్ రెండో కబురు పంపారు.

"లలితకు కొత్త పొక్కులు లేవు. అన్నీ ఎండాయి. రేపటి నుంచి తరగతికి వెళ్తుంది."

ఈ రెండో కబురు రాకపోతే తల్లే అడిగి తెప్పించుకోవాలి. మొదటి కబురు, రెండో కబురు రెండూ దాచి ఉంచుకోవాలి. ఆటలమ్మ ఒకసారి వస్తే సాధారణంగా మళ్లీ రాదు. ముందు ముందు లలితకు ఆటలమ్మ వచ్చిందా అని ఏ డాక్టరు అడిగినా జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది.