ఫొటోలోని శ్లోకం: శుక్లాంబరధరం ఎవరిని గురించి?

గుడి గోడ మీది శ్లోకాన్ని ఫొటో తీసి చదివేటప్పుడు ముందు అక్షరాలు సరిచూసుకోవాలి. ఫొటో మసకబారితే ‘ధ’ కింది చిన్న గీత మాయమై ‘ద’లా కనిపిస్తుంది. పూజ మొదట్లో చదివే శుక్లాంబరధర శ్లోకాన్నే తీసుకుందాం. ‘ధరం’ అంటే ధరించినవాడిని. అది ‘దరం’ అయితే అర్థం కుదరదు.

ఆ సమాసాన్ని విడదీస్తే శుక్ల అంటే తెల్లని, అంబర అంటే వస్త్రం. శశివర్ణం అంటే చంద్రుని రంగు కలవాడిని. ధ్యాయేత్ అంటే ధ్యానించాలి.

తాత్పర్యం: తెల్లని వస్త్రం కట్టి, చంద్రుని రంగుతో, నాలుగు చేతులతో, ప్రసన్నమైన ముఖంతో అంతటా వ్యాపించి ఉన్న దేవుణ్ణి విఘ్నాలన్నీ తొలగడానికి ధ్యానించాలి.

ఆ దేవుడెవరన్నదే చర్చ. శ్లోకంలో వినాయకుడి పేరు లేదు, ‘విష్ణుం’ అని ఉంది. ఆ మాటకు సర్వవ్యాపి అనే అర్థం తీసుకుని, విఘ్నాల ప్రస్తావన ఉంది కాబట్టి ఇది గణపతి ధ్యానమే అని చాలామంది అంటారు. వైష్ణవులు దాన్ని పేరుగానే తీసుకుని విష్ణువుకే అన్వయిస్తారు. విష్ణు సహస్రనామ పారాయణకు ముందు కూడా దీన్ని చదువుతారు. వ్యాకరణం రెండు అర్థాలనూ ఒప్పుకుంటుంది.