లిఫ్ట్ దించాకే ఆయిల్ చూడాలి!

నిరుడు తొలకరికి ముందు మా పెదనాన్న ట్రాక్టర్‌తో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాన్ని నా చేతిలో పెట్టాడు. ‘ఇంజినీరింగ్ చదివావు కదరా, ఇందులో హైడ్రాలిక్ సంగతులు తెలుగులో రాసిపెట్టు. మన డ్రైవర్ చదువుకుంటాడు’ అన్నాడు. ఆ డ్రైవర్ ఏడో తరగతిలో బడి మానేశాడు కానీ పేపర్ రోజూ చదువుతాడు. మెకానికల్ డిగ్రీ ఉన్నవాడికి నాలుగు పేజీలు ఓ లెక్కా అనుకుని ఒక్క ఆదివారంలో ముగించేశాను. రెండు వారాలు తిరక్కుండానే ఫోన్. ‘ఒరేయ్, నువ్వు రాసినట్టే చేశాడు. ఇప్పుడు వెనకాల గాలి మూతలోంచి ఆయిల్ పొంగి కారుతోంది!’

వెళ్లి చూస్తే తప్పు డ్రైవర్‌ది కాదు, నా కాగితానిది. నేను రాసింది ఇదీ: ‘హైడ్రాలిక్ ఆయిల్ మట్టాన్ని తనిఖీ చేసి, అవసరమైతే నింపవలెను. తనిఖీ సమయంలో లిఫ్ట్ కింది స్థానంలో ఉండవలెను.’ చూడటానికి బాగానే ఉంది కదా! కానీ పని చేసే మనిషి పేరా మొత్తం చదివాక పని మొదలుపెట్టడు. ఒక వాక్యం చదువుతాడు, ఆ పని చేస్తాడు, చేతులు తుడుచుకుని రెండో వాక్యం చూస్తాడు. ఇక్కడ రెండో వాక్యానికి వచ్చేసరికి ఆయిల్ పోసేయడం అయిపోయింది. అప్పటికి రోటవేటర్ పైకెత్తి ఉంది. ట్రాక్టర్ నిలిపిన చోటు కూడా వాలుగా ఉంది.

లిఫ్ట్ పైకి ఉంటే ఏమవుతుందో చూద్దాం. మన దగ్గర తిరిగే చాలా ట్రాక్టర్లలో గేర్లకూ, వెనక ఇరుసుకూ, లిఫ్ట్‌కూ కలిపి ఒకటే ఆయిల్. అదంతా సీటు కింద, వెనక భాగంలో ఉన్న పెద్ద పెట్టెలో ఉంటుంది. లిఫ్ట్ లేవాలంటే పంపు ఆ పెట్టెలోంచి ఆయిల్ తోడి సిలిండర్‌లోకి నెట్టాలి. రోటవేటర్ పైన ఉన్నంతసేపూ ఆ ఆయిల్ సిలిండర్‌లోనే నిలబడి ఉంటుంది. ఉదాహరణకి సిలిండర్ లోపలి వెడల్పు 11 సెంటీమీటర్లు, పిస్టన్ జరిగే దూరం 11 సెంటీమీటర్లు అనుకుంటే దాదాపు ఒక లీటరు. అంటే పెట్టెలో లీటరు తక్కువ కనిపిస్తుంది గానీ నిజానికి ఎక్కడికీ పోలేదు. తక్కువైందని లీటరు పోసి, తర్వాత రోటవేటర్ దించితే ఆ లీటరు తిరిగొచ్చి మీద పడుతుంది. హైడ్రాలిక్ ట్రాలీ ఎత్తి ఉంచి చూస్తే తేడా ఇంకా చాలా ఎక్కువ. మా వాడి విషయంలో వాలు కూడా తోడై, రెండు లీటర్లకు పైనే ఎక్కువ పడింది. పని మొదలయ్యాక ఆయిల్ వేడెక్కి, నురగ కట్టి, గాలి మూతలోంచి తన్నుకొచ్చింది. చదును నేల మీదికి తెచ్చి, కింది బిరడా వదులు చేసి, ఎక్కువైంది తీసేశాం. నష్టం అంతటితో ఆగింది.

ఈసారి కాగితాన్ని మళ్లీ మొదటినుంచి రాశాను. ఇప్పుడు అందులో ఇలా ఉంది: ‘ట్రాక్టర్‌ని చదును నేల మీద నిలపండి. వెనక తగిలించింది ఏదైనా సరే, పూర్తిగా నేలకు దించండి. ఇంజిన్ ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఐదు నిమిషాలు ఆగండి. ఆయిల్ చూసే పుల్ల బయటికి తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా లోపల పెట్టి తీయండి. తడి రెండు గీతల మధ్య ఉంటే చాలు, ఏమీ పోయకండి. కింది గీత కన్నా తగ్గితే అర లీటరు పోసి, కాసేపు ఆగి మళ్లీ చూడండి.’ ‘మట్టం’, ‘తనిఖీ’, ‘అవసరమైతే’ అన్నీ పోయాయి. ముఖ్యంగా ‘అవసరమైతే’ అన్న మాటని నేను పగబట్టాను. ఎప్పుడు అవసరమో తెలియకే కదా మనిషి కాగితం చూస్తున్నాడు!

మీరూ ఇలాంటి పని చేయబోతే, మాటల ఎంపిక కన్నా ముందు ఈ వరుస చూసుకోండి. ఇంగ్లిష్ పుస్తకాల్లో షరతు తరచూ వాక్యం చివర వస్తుంది. తెలుగులో షరతు ముందే చెప్పడం మనకి సహజం. ‘వానొస్తే గొడుగు తీసుకెళ్లు’ అంటాం, తిప్పి చెప్పం. ఇంగ్లిష్ వరుసని అలాగే దించితే మన భాషకున్న ఈ సౌకర్యాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. డ్రాఫ్ట్ కంట్రోల్‌ని ‘ముసాయిదా నియంత్రణ’ అని రాసిన కాగితం ఒకటి నా కళ్లతో చూశాను. నవ్వుకోండి, కానీ ఆ తప్పు ప్రమాదం కాదు. ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఎవరూ పాటించరు. అర్థమైనట్టు అనిపించే మాటే ప్రమాదం. పుస్తకంలో స్ట్రైనర్, ఫిల్టర్ అని రెండున్నాయి. నేను తెలివిగా రెండింటికీ ‘వడపోత’ అని పెట్టాను. స్ట్రైనర్ అంటే పంపు ఆయిల్ లాగే చోట ఉండే తీగ జల్లెడ. దాన్ని డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, తిరిగి పెట్టేయొచ్చు. మా ట్రాక్టర్‌లో ఫిల్టర్ అంటే లోపల మడతలు మడతలుగా కాగితం ఉండేది. దాన్ని కడగకూడదు, పాతది పారేసి కొత్తది వేయాలి. నా కాగితం నమ్మి డ్రైవర్ రెండింటినీ డీజిల్‌లో ముంచాడు. పెదనాన్న సమయానికి చూడబట్టి సరిపోయింది. కడిగిన కాగితం పైకి తెల్లగా మెరుస్తుంది, కానీ మడతల్లో చిక్కిన మురికి లోతుకి పోతుంది, కాగితం చిరిగినా పైకి కనబడదు.

పైగా రీప్లేస్ అనే మాట ఒకటి. స్ట్రైనర్ దగ్గర అది ‘తిరిగి పెట్టండి’ అని చెబుతుంది, ఫిల్టర్ దగ్గర ‘కొత్తది వేయండి’ అని. నిఘంటువు చూస్తే రెండు అర్థాలూ దొరుకుతాయి. ఏది సరైందో చెప్పేది మాత్రం చేతిలో ఉన్న వస్తువే. అందుకే ఇప్పుడు ‘తీగ జల్లెడ’, ‘కాగితం ఫిల్టర్’ అని వేర్వేరుగా రాశాను. జల్లెడని గుడ్డతో గానీ దూదితో గానీ తుడవొద్దని కూడా చేర్చాను. ఒక్క పోగు అంటుకున్నా అది వాల్వ్ దాకా పోయి ఇరుక్కుంటుంది.

ఆ జల్లెడకి మురికి పట్టిందని బయటినుంచి ఎలా తెలుస్తుంది? పుస్తకం ‘పంపులో కేవిటేషన్ వల్ల శబ్దం’ అంటుంది. దీనికి తెలుగు మాట కోసం నేను సాయంత్రమంతా వెతికాను. చివరికి డ్రైవరే చెప్పాడు: ‘కాలవ మోటార్ ఫుట్‌వాల్వ్‌కి చెత్త పడితే ఎలా ఏడుస్తుందో, అలా అన్నమాట!’ అంతకన్నా సరైన అనువాదం లేదు. ఎందుకంటే అది ఉత్త పోలిక కాదు. రెండుచోట్లా జరిగేది ఒకటే. లాగే వైపు దారి మూసుకుపోతే పంపు కడుపు నిండక గోల చేస్తుంది. అలాగని మోటారుని నడుపుతూనే ఉంటే ఏమవుతుందో రైతుకి చెప్పక్కర్లేదు. లిఫ్ట్ మెల్లగా, కుదుపులతో లేస్తూ ఈ ఏడుపు వినిపిస్తే ముందు ఆయిల్, తర్వాత జల్లెడ చూడాలి. చల్లటి పొద్దున మొదటి నిమిషాల్లో ఆయిల్ చిక్కగా ఉండి కొంచెం బద్ధకించడం మామూలే, వేడెక్కాక పోతుంది. లిఫ్ట్ బాగానే లేచి, ఇంజిన్ ఆపాక దానంతటదే తొందరగా కిందికి జారిపోతుంటే అది జల్లెడ జబ్బు కాదు. సిలిండర్ సీల్‌లోనో, వాల్వ్‌లోనో లీకేజీ ఉంది. అక్కడ నా కాగితం ఆగిపోతుంది, ‘మెకానిక్‌ని పిలవండి’ అని రాశాను.

మా వైపు వరి పొలాల్లో దమ్ము చేశాక ఇంకోటి చూడాలి. పుల్లకి అంటిన ఆయిల్ రంగు. తేనె రంగులోనో, కొంచెం నల్లబడో ఉంటే సరే. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిశాయని గుర్తు. దాని మీద కొత్త ఆయిల్ పోసినా ప్రయోజనం లేదు, మొత్తం తీసి మార్చాల్సిందే. ‘ఆయిల్ ఎమల్సీకరణ చెందితే’ అని మొదటి కాగితంలో రాసినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది. జాగ్రత్తలన్నీ పుస్తకంలో ఉన్నట్టే చివరి పేజీలో వదిలేశాను. ఇంజిన్ ఆపితే లిఫ్ట్ గట్టిగా నిలబడిపోతుందని మా ఊళ్లో చాలామంది నమ్మకం. రోటవేటర్ బ్లేడ్లకి చుట్టుకున్న గడ్డి తీయడానికి దాని కింద కూర్చునేవాళ్లు ఈ నమ్మకంతోనే కూర్చుంటారు. కానీ ఇంజిన్ ఆగిపోయి ఉన్నా సరే, సీటు పక్కనున్న లిఫ్ట్ లివర్ కిందికి నొక్కితే రోటవేటర్ పడిపోతుంది. సీటెక్కి ఆడుకునే పిల్లాడి చెయ్యి చాలు. అందుకే ఇప్పుడు నా కాగితంలో మొట్టమొదటి వాక్యం: ‘పైకెత్తిన దాని కిందికి వెళ్లకండి. ముందు దించండి. దించడం కుదరకపోతే గట్టి దుంగలు ఆన్చాకే చెయ్యి పెట్టండి.’

దాని వెనకే పైపు లీకేజీ గురించి. పుస్తకం అధిక పీడనం అంటుంది. అది ఎంతో రైతుకి తెలిసేలా చెప్పాలంటే గాలి కొట్టించే పాయింట్లలో చెప్పాలి. కారు టైరుకి 30 పాయింట్లు పెట్టిస్తాం. లిఫ్ట్ బరువెత్తేటప్పుడు ఈ పైపుల్లో 2000 పాయింట్లు దాటొచ్చు. సూదిమొన అంత కంతలోంచి వచ్చే ఆయిల్ కంటికి సరిగ్గా కనబడదు గానీ చర్మంలోకి దిగిపోతుంది. చేత్తో తడిమి వెతక్కండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. చర్మంలోకి దిగితే నొప్పి లేకపోయినా, పోటు చిన్నదే అయినా, ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రెండోసారి రాసినదాన్ని పరీక్షించే తీరు కూడా మార్చాను. మొదటిసారి ‘అర్థమైందా?’ అని అడిగాను. మన ఊళ్లో ఎవరూ అర్థం కాలేదని మొహం మీద చెప్పరు, మర్యాద కాదు కదా! ఈసారి కాగితం ఇచ్చి, నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ గీత పెట్టుకున్నాను. మొత్తం మూడు చోట్ల ఆగింది. ఒకటి ‘సమతల ప్రదేశం’, చదును నేల అయ్యింది. రెండోది ‘250 గంటలకోసారి’. మీటర్లో చివరి అంకె గంటలో పదో వంతని తెలియక 412.5 ని నాలుగు వేలకి పైగా చదివాడు. ఆ అంకె వదిలేసి చదవమని బొమ్మ గీసి చూపించాను. రోజుకి ఐదు గంటల పనైతే 250 గంటలంటే 50 రోజులని పక్కనే రాశాను.

మూడోది ఆయిల్ పేరు. దాన్ని నేను అందంగా తెలుగు లిపిలోకి మార్చాను. డ్రైవర్ కాగితం చూస్తాడు, డబ్బా చూస్తాడు, మళ్లీ కాగితం. రెండూ కలవడం లేదు. డబ్బా మీద తెలుగు లేదు మరి! పుస్తకంలో ఉన్న అక్షరాలూ అంకెలూ ఉన్నవున్నట్టే పెద్దగా గీశాను, బొమ్మలా పోల్చుకుంటాడని. మొన్న షాపుకి ఆ కాగితం తీసుకెళ్లి, కౌంటర్ మీద పరిచి, డబ్బా పక్కన పెట్టి ఒక్కో అక్షరం వేలితో కలుపుకున్నాడట. రెండు డబ్బాలు వెనక్కి ఇచ్చి మూడోది తెచ్చాడు.