‘బావ’ని బ్రదర్ ఇన్ లా అని రాస్తే ఏమవుతుంది? స్పౌజ్ వీసాకి చాట్లు, ఉత్తరాలు అనువదించడం

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. "మా వాట్సాప్ చాట్ అంతా ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంది కదా, దానికి కూడా అనువాదం కావాలా?" అని గాజువాక, కూర్మన్నపాలెం వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. కావాలండి. అక్షరాలు ఇంగ్లీషువైనా భాష తెలుగే. "tinnava" అని ఉంటే అవతల ఫైలు చూసే ఆఫీసర్‌కి అది తిండి గురించో, తిట్టో తెలీదు.

అమెరికా సంగతే తీసుకుందాం. భర్త అక్కడ ఐ-130 పిటిషన్ వేస్తాడు, భార్య విశాఖలో ఉంటుంది. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పెళ్ళి జరిగిందని చెప్తాయి. ఆ తర్వాత వీళ్ళిద్దరూ నిజంగా భార్యాభర్తల్లా బతుకుతున్నారా అన్నదానికి, దూరంగా ఉన్న జంట దగ్గర ఉండే సాక్ష్యం ఎక్కువగా ఈ చాట్లే. అక్కడి నిబంధన 8 సీఎఫ్ఆర్ 103.2(బి)(3) ప్రకారం యూఎస్‌సీఐఎస్‌కి ఇచ్చే పరభాషా పత్రంతో పాటు పూర్తి ఇంగ్లీష్ అనువాదం ఉండాలి. అది పూర్తిగా, సరిగ్గా ఉందని, ఆ భాషనుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకుందని అనువాదకుడు రాసి ఇవ్వాలి. ‘పూర్తి’ అన్న ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ మనం మాట్లాడుకునేదంతా దాని చుట్టూనే.

ఉదాహరణకి ఒక జంట అనుకుందాం. అమ్మాయి గాజువాకలో పుట్టింట్లో ఉంది, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. అబ్బాయి న్యూజెర్సీలో. అమ్మాయి ఫోన్‌లో `Export chat` నొక్కితే వచ్చిన ఫైల్లో ఒక ముక్క ఇది.

```
13/05/24, 6:40 am - Bava: lechava
13/05/24, 6:43 am - Bujji: nanna C shift nunchi inka raledu. vachaka vote ki veltam
13/05/24, 6:44 am - Bava: ninna call ettaledu. mana illu gurthunda asalu
13/05/24, 6:45 am - Bujji: You deleted this message
13/05/24, 6:46 am - Bujji: champesta ninnu 😂
```

అయిదు లైన్లే. కానీ అనువాదకుడు జారిపడే చోట్లు దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి.

మొదట టైమ్ చూడండి, ఇది నా లాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ముందు కనపడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో పడేది ఆ ఫోన్ తాలూకు లోకల్ టైమ్. ఇదే మొదటి మెసేజ్‌ని అబ్బాయి ఫోన్‌లోంచి తీస్తే `5/12/24, 9:10 PM` అని ఉంటుంది. మే నెలలో మనకీ న్యూజెర్సీకీ తొమ్మిదిన్నర గంటల తేడా, పైగా అమెరికా సెట్టింగ్‌లో నెల ముందు, తేదీ తర్వాత. అది మనవాళ్ళెవరైనా చదివితే డిసెంబర్ 5 అనుకుంటారు. అంటే ఒకే మెసేజ్‌కి మూడు తేదీలు పుట్టాయి. సగం చాట్ ఆమె ఫోన్‌లోంచి, సగం అతని ఫోన్‌లోంచి తీసి కలిపేస్తే, జవాబు ప్రశ్నకంటే ముందొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఒకే ఫోన్ నుంచి తీయండి. అనువాదంలో టైమ్ ఉన్నది ఉన్నట్టే ఉంచి, పైన ఒక్క లైన్ నోట్ రాయించండి: ఇవి భారత కాలమానం, తేదీ-నెల-సంవత్సరం వరసలో ఉన్నాయి అని. లోపల నంబర్లు మార్చకూడదు.

ఈ ముక్క నాకు ఎందుకు నచ్చిందో కూడా చెప్తాను. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. చాట్‌లో ఓటు మాట ఉంది, ఫైల్లో తేదీ ఉంది, రెండూ సరిపోయాయి. "ఐ లవ్ యూ" వంద సార్లున్న పేజీ కంటే ఇలాంటి పేజీయే నయం. సి షిఫ్ట్ అంటే రాత్రి డ్యూటీ, పొద్దున్న 6 కి అయిపోతుంది. అనువాదకుడు దాన్ని ‘నైట్ డ్యూటీ’ అని తన మాటల్లోకి మార్చకుండా ‘సి షిఫ్ట్’ అనే ఉంచి, కింద నోట్‌లో చెప్పాలి.

ఇప్పుడు పేర్లు. ఎక్స్‌పోర్ట్‌లో ఫోన్ నంబర్ రాదు, కాంటాక్ట్ ఏ పేరుతో సేవ్ చేశారో అదే వస్తుంది. ఇక్కడ ‘Bava’. చాలామంది వర్డ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి పాస్‌పోర్ట్ పేరు పెట్టేస్తారు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ అది ఇప్పుడు మార్చిన పత్రం. ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఇంకొకటి. దాని బదులు ఆ కాంటాక్ట్ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టండి, పేరు, నంబర్ రెండూ కనపడేలా. ఆ నంబర్ ఎవరిదో అమ్మాయి తన స్టేట్‌మెంట్‌లో రాస్తుంది. బుజ్జి ఎవరు, బావ ఎవరు అని చెప్పే పని దంపతులది, అనువాదకుడిది కాదు.

అసలు కథ ‘బావ’ అన్న మాటలో ఉంది. డిక్షనరీ తీస్తే బ్రదర్ ఇన్ లా అని ఉంటుంది. అలా రాస్తే ఆఫీసర్‌కి కనిపించేది ఏంటి? ఒకావిడ తన మరిదితోనో, అక్క మొగుడితోనో సరసాలాడుతోంది! పోనీ అని ‘హస్బెండ్’ అని రాస్తే అదీ తప్పే, ఆ మాట ఆమె అనలేదు. సరైన దారి, ‘బావ’ని అలాగే ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంచి, మొదటిసారి వచ్చినచోట నోట్ ఇవ్వడం: ఇది అక్క మొగుడికీ, మేనత్త, మేనమామ కొడుకుల్లో పెద్దవాడికీ వాడే వరస, తెలుగువాళ్ళలో భర్తని కూడా అలా పిలుస్తారు అని. ఆ మాటకున్న అర్థాలన్నీ చెప్పాలి, మనకి పనికొచ్చేది ఒక్కటే కాదు. ఒకవేళ అతను నిజంగా మేనబావే అయితే? దాచొద్దు. మేనరికం అయితే ఆ సంగతి దంపతులే ముందుగా చెప్పేస్తే, చాట్ దాన్ని బలపరుస్తుంది.

‘అన్న’ కూడా ఇలాంటిదే. బీటెక్‌లో సీనియర్‌ని అన్నా అని పిలిచి, తర్వాత అతన్నే పెళ్ళి చేసుకున్నవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు (వాళ్ళు ఈ వీడియో చూస్తారు, పేర్లు చెప్పను). మొదటి ఏడాది చాట్‌లో ‘అన్నా’ అని ఉంటే భయపడి ఆ పేజీలు తీసేయకండి. తనకంటే పెద్దవాడైన మగవాణ్ణి పిలిచే పిలుపు కూడా అదే, ఆ మాటని బట్టి రక్తసంబంధం ఉందని చెప్పలేం అని ఒక నోట్ చాలు.

మూడో లైన్లో ‘మన ఇల్లు’. ఇంగ్లీష్‌లో ‘అవర్ హౌస్’ అంతే. కానీ తెలుగులో ‘మా ఇల్లు’ వేరు, ‘మన ఇల్లు’ వేరు. మన అన్నప్పుడు వినేవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఒక అబ్బాయి పెళ్ళికి ముందు ‘మా ఇల్లు’ అని, తర్వాత ‘మన ఇల్లు’ అని రాస్తే, ఆ మార్పు ఇంగ్లీష్‌లో మాయమైపోతుంది. ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగడం కూడా అంతే. ఇవి వ్యాకరణ విషయాలు కాబట్టి నోట్‌లో పెట్టొచ్చు. ‘దీన్నిబట్టి వాళ్ళ ప్రేమ తెలుస్తోంది’ అని రాస్తే మాత్రం అనువాదకుడు వకీలు అయిపోయినట్టే. గీత అక్కడే ఉంది.

‘చంపేస్తా నిన్ను’. దీన్ని ‘ఐ విల్ కిల్ యూ’ అని రాయాలా? రాయాలి. ‘కోపంగా ఉన్నాను’ అని మెత్తబరచకూడదు. పక్కన ఆ నవ్వే ఎమోజీని అలాగే ఉంచి, దగ్గరవాళ్ళ మధ్య సరదా బెదిరింపుగా వాడే మాట అని నోట్ పెట్టాలి. ఎమోజీలు డెకరేషన్ అనుకుని ఎగరగొట్టేవాళ్ళున్నారు. ఇక్కడ అది పోతే ఆ లైన్ అర్థమే తిరగబడిపోతుంది.

దానిపైన డిలీట్ చేసిన మెసేజ్ ఉంది కదా, ఆ లైన్ కూడా అనువాదంలో ఉండాలి. ఫోటో ఉంటే ‘ఫోటో’ అని, వాయిస్ మెసేజ్ ఉంటే ‘వాయిస్ మెసేజ్, అనువదించలేదు’ అని బ్రాకెట్లో రాయాలి. గొడవలు కూడా అంతే. మూడు రోజులు మాట్లాడుకోకపోయినా, అత్తగారి మీద చిరాకు పడినా, ఎంచుకున్న ముక్కలో ఉంటే ఉంచాల్సిందే. నచ్చని లైన్ తీసేసి ‘పూర్తి అనువాదం’ అని సంతకం పెడితే ఆ సంతకం అబద్ధం. ఇంటర్వ్యూలో ఫోన్ చూపించమంటే ఇరుక్కునేది దరఖాస్తుదారులే. ముఖ్యమైన విషయంలో కావాలని తప్పు చూపించారని తేలితే అమెరికా చట్టంలో అది మామూలు రిజెక్షన్‌తో పోదు, జీవితాంతం వెంటాడే అనర్హత.

మన ఉత్తరాంధ్ర వాళ్ళకి ఒక ప్రత్యేక హెచ్చరిక. "మా గుంటడు ఏటి చేస్తన్నాడు" అని ఉంటే, వేరే ప్రాంతం అనువాదకుడికి గుంట అంటే గొయ్యి. ఇక్కడ గుంటడు అంటే కుర్రాడు, గుంట అంటే పిల్ల. మన యాస తెలిసినవాళ్ళ చేత చేయించండి, లేదా ఒక పేజీ ఇచ్చి చదివించి చూడండి.

ఉత్తరాలు తక్కువే ఉంటాయి, కానీ పెద్దవాళ్ళు రాసినవి బయటపడుతుంటాయి. మావగారు కోడలికి రాసిన ఉత్తరంలో పేరు ముందు ‘చి.ల.సౌ.’ అని ఉంటుంది. అది ఇంటిపేరు పొడి అక్షరాలు కాదు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని ఆడపిల్లకి పెట్టే దీవెన. దాన్ని ఇనీషియల్స్‌గా రాసేస్తే పాస్‌పోర్ట్ పేరుతో కలవని కొత్త మనిషి పుట్టుకొస్తుంది. ‘ఉభయకుశలోపరి’ లాంటి మొదటి వరస, పైన ఊరు, తేదీ, కింద సంతకం, అంచున ఇరికించి రాసిన రెండు ముక్కలు, అన్నీ అనువాదంలో ఎక్కడివి అక్కడే రావాలి. చదవలేని మాట ఉంటే ఊహించకుండా ‘అస్పష్టం’ అని రాయాలి. కవరు రెండువైపులా స్కాన్ చేయండి, పోస్టు ముద్ర సగమే కనపడినా సరే.

ఇక ఎంత ఇవ్వాలి? మూడేళ్ళ చాట్ మొత్తం అనువదించడం డబ్బు దండగ, ఎవరూ చదవరు. కెనడా చెక్‌లిస్ట్ అయితే సంభాషణలకి 10 పేజీలే గరిష్ఠం అంటుంది. పరిచయం, నిశ్చితార్థం, పెళ్ళి, విడిగా ఉన్న కాలం, ఇలా ఒక్కో దశలోంచి ఒక పూర్తి రోజు తీసుకోండి. ఆ రోజులో మొదటి మెసేజ్ నుంచి చివరిదాకా ఒక్కటీ వదలొద్దు. ఏరుకున్న లైన్లు కాకుండా ఏరుకున్న రోజులు. ఇవి కొన్ని రోజులవి మాత్రమేనని పైన స్పష్టంగా రాయండి. అప్పుడు ఇచ్చిన ప్రతి పేజీకీ ‘పూర్తి’ అన్న మాట నిజమవుతుంది. టెక్స్ట్ ఫైల్‌ని ఎవరైనా ఎడిట్ చేయొచ్చు కాబట్టి అదే రోజు స్క్రీన్‌షాట్లు కూడా జతచేసి, లైన్లకి నంబర్లు వేయించండి, ఎడమవైపు అసలు, కుడివైపు అనువాదం.

చివరగా సంతకం ఎవరిది? అమెరికా నిబంధన లైసెన్స్ అడగదు, సమర్థుడై ఉండాలంటుంది. అయినా భార్యాభర్తలు తమ చాట్ తామే అనువదించుకోవడం నేనైతే వద్దంటాను. కెనడా అయితే కుటుంబ సభ్యుల అనువాదాన్ని అసలు ఒప్పుకోదు. సర్టిఫైడ్ అనువాదకుడు కాకపోతే అఫిడవిట్ కూడా అడుగుతుంది. యూకేకి అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, తేదీ, కాంటాక్ట్ వివరాలు ఉండాలి. ఏ దేశానికైనా సంతకం పెట్టేముందు అనువాదకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ తెరిచి, ఎడమవైపు ప్రతి లైన్‌నీ ఫోన్‌లో ఉన్నదానితో సరిచూసుకోండి. వీసా చేతికొచ్చేదాకా ఆ చాట్‌ని ఫోన్‌లోంచి క్లియర్ చేయకండి, `Disappearing messages` ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.