ముఖం, పేరు: ఛాయాచిత్ర వర్ణనకు ఉన్న హద్దు

ఛాయాచిత్రాన్ని చదివే కృత్రిమ మేధ వ్యవస్థలలో వర్ణన, గుర్తింపు అనేవి రెండు వేర్వేరు క్రియలు. చిత్రంలో కనిపించేది చెప్పడం వర్ణన. ముఖాన్ని ఆధారం చేసుకొని చిత్రంలో లేని పేరును చేర్చడం గుర్తింపు. అంధులకు ఉపకరించే ‘బి మై ఐస్’ సేవలో 2023లో ఈ భేదం చర్చకు వచ్చింది. ఎదుటివారి ముఖకవళికలను తెలుసుకోవాలన్న అంధుల కోరిక న్యాయమైనదే. అయితే చిత్రంలోని అపరిచితులు తమ పేరు వెల్లడికి సమ్మతించినవారు కారు.

బస్టాండులో నిలబడిన ఒక స్త్రీ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆకుపచ్చ చీర, కళ్లద్దాలు, చేతిలో గొడుగు, చిరునవ్వు వర్ణనలోకి వస్తాయి. ముఖాన్ని బట్టి పేరు చెప్పడాన్ని మాత్రం వ్యవస్థ నిరాకరించాలి. ఆమె మెడలోని కార్డుపై పేరు కనిపిస్తే దానిని చదవవచ్చు. అక్కడ ఆధారం అక్షరమే గాని ముఖం కాదు. ఆ కార్డు ఆమెదేనన్న నిర్ధారణను మాత్రం చిత్రం ఇవ్వదు. అలాగే బొట్టును పేర్కొనవచ్చు గాని, దాని నుండి మతాన్ని ఊహించరాదు.

లోపం రెండు విధాలుగా బయటపడుతుంది. పోలికను బట్టి పేరు ఊహిస్తే, సంబంధం లేని వ్యక్తిపై నింద పడవచ్చు. పేరు చెప్పరాదన్న కారణంతో వర్ణననే మానేస్తే అంధ పాఠకునికి ఏమీ మిగలదు. ప్రతి వాక్యానికీ చిత్రంలో వేలు పెట్టి చూపగల ఆధారం ఉన్నదా అన్నదే ఇక్కడ పరీక్ష.