స్కాన్ పేజీలో శీర్షికలు, జాబితాలు మార్క్‌డౌన్‌లో ఎలా నిలుస్తాయి

స్కాన్ చేసిన పేజీ నిజానికి ఒక ఫొటో. అందులోని అక్షరాలను గుర్తించి టైపు చేసినట్టు ఇచ్చేది ఓసీఆర్. అయితే మామూలు ఓసీఆర్ ఇచ్చే పాఠంలో శీర్షికా, దాని కింది వాక్యమూ ఒకేలా కనిపిస్తాయి. మార్క్‌డౌన్ అనేది 2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన సాదా రాత పద్ధతి. వరుస మొదట `#` పెడితే శీర్షిక, మాటకు రెండు వైపులా `**` పెడితే బోల్డ్, `-` లేదా `1.` పెడితే జాబితా. ఈ గుర్తులు ఎక్కడ పెట్టాలో అక్షరాలు చెప్పవు. పేజీలో అవి ఎంత ఎత్తున, ఎంత లావుగా, అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో చూసి తేల్చుకోవాలి.

టెసెరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌లో ఈ కొలతలు కూడా దొరుకుతాయి:

```
tesseract page.png page -l tel+eng hocr
```

చివరి మాట `hocr` వల్ల ప్రతి వరుస, ప్రతి మాట పేజీలో ఎక్కడ ఉందో పిక్సెళ్లలో వస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 12 పాయింట్ల అక్షరం సైజు 50 పిక్సెళ్లు, 18 పాయింట్లది 75. ఇంత తేడా ఉంటే పెద్ద శీర్షికను పట్టుకోవడం తేలికే. చిక్కంతా 14 పాయింట్ల ఉపశీర్షికతోనే. అది 58 పిక్సెళ్లు మాత్రమే. పైగా తెలుగులో గుడులు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి. ‘శాస్త్రం’ ఉన్న మామూలు వరుస, ఒత్తులే లేని ఉపశీర్షిక కంటే ఎత్తుగా తేలవచ్చు. అందుకని ఎత్తు ఒక్కటే నమ్మరాదు. పైన ఖాళీ ఎక్కువగా ఉందా, వరుస పొట్టిగా ముగిసిందా, చివర చుక్క లేదా అన్నవి కలిపి చూడాలి. వీటిలో పైనున్న ఖాళీయే ఎక్కువ నమ్మదగిన సాక్ష్యం.

బోల్డ్ సంగతి మరీ కష్టం. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి టెసెరాక్ట్‌లో వాడుతున్న కొత్త ఇంజిన్, మాట బోల్డా కాదా అన్నది చెప్పదు. కాబట్టి మాట బొమ్మను కత్తిరించి, గీత మందాన్ని విడిగా కొలవాలి. జిరాక్స్ కాపీల్లో సిరా పాకి పేజీ అంతా లావుగా కనిపిస్తుంది కనుక, ఆ మందాన్ని అదే వరుసలోని పక్క మాటలతోనే పోల్చాలి. శీర్షికలో ఉన్న మాటలకు వేరే `**` అవసరం లేదు.

ఒక గ్రంథాలయం నియమాల పత్రాన్ని ఊహించుకుంటే, పని పూర్తయ్యేసరికి అది ఇలా ఉండాలి:

```
# గ్రంథాలయ నియమాలు

## సభ్యత్వం

1. దరఖాస్తుతో ఇవ్వవలసినవి:
   - (అ) ఫొటో
   - (ఆ) చిరునామా ధ్రువపత్రం
2. కార్డు ఇతరులకు ఇవ్వరాదు.

**గమనిక:** ఆదివారం సెలవు.
```

అచ్చులో (అ), (ఆ) అని ఉన్నా మార్క్‌డౌన్‌కు అవి జాబితా గుర్తులు కావు. ‘౧.’ వంటి తెలుగు అంకెలూ అంతే. అందుకే అసలు అక్షరాన్ని ఉంచి, దాని ముందు `-` చేర్చారు. ఆ ఉపజాబితా మూడు ఖాళీలు లోపలికి జరిగింది. `1.`, దాని పక్క ఖాళీ కలిసి ఆక్రమించే చోటు అంతే మరి. రెండే ఖాళీలు ఇస్తే అది మొదటి అంశానికి చెందకుండా బయటపడుతుంది. గమనికకు పైన ఖాళీ వరుస వదలకపోతే అది రెండో నియమంలో కలిసిపోతుంది. ‘గమనిక’ తర్వాత ఖాళీ లేకుండా `**గమనిక:**ఆదివారం` అని రాస్తే బోల్డ్ రాదు, నక్షత్రాలు అలాగే తెర మీద కనిపిస్తాయి. ముగింపు గుర్తుకు ముందు విరామ చిహ్నం, వెంటనే అక్షరం ఉంటే దాన్ని ముగింపుగా లెక్కించరు.

అచ్చులోని గుండ్రటి చుక్కలను ఓసీఆర్ ఒక్కోసారి సున్నగా చదువుతుంది. పొరపాటున చదివినా జాబితాను గుర్తుపట్టే దారి ఉంది. అంశం రెండో వరుసకు పొంగితే, ఆ వరుస చుక్క కింద కాకుండా మాట కింద మొదలవుతుంది. వరుసల ఎడమ అంచులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మెట్టు తెలిసిపోతుంది.

సరిచూసేటప్పుడు తెర మీద అందంగా కనిపించే రూపాన్ని మాత్రమే నమ్మకూడదు. మార్క్‌డౌన్ జాబితాలో మొదటి అంకెనే లెక్కలోకి తీసుకుంటుంది. ఆపైన తానే వరుసగా అంకెలు వేస్తుంది. ఓసీఆర్ మూడో నియమాన్ని వదిలేసి 1, 2, 4 అని రాస్తే, తెర మీద 1, 2, 3 అని చక్కగా కనిపిస్తుంది. జాబితా ముందటి పేజీ నుంచి వచ్చి 4తో మొదలైతే, ఆ 4ను మార్చకుండా ఉంచాలి. అంకెలను పోల్చవలసింది అసలు స్కాన్‌తో, అదీ తెర మీది రూపంలో కాదు, `.md` ఫైలులోనే.